జవాబు పత్రం రీవాల్యుయేషన్‌కు అర్జీ ఎలా రాయాలి?

హోసూరు, కృష్ణగిరి వైపు ఆర్ట్స్ అండ్ సైన్స్ కాలేజీలు చాలావరకు సేలం పెరియార్ యూనివర్సిటీ కింద ఉన్నాయి. అక్కడి పరీక్షల కంట్రోలర్‌కు సాధారణంగా ప్రిన్సిపాల్ ద్వారా అర్జీ పంపాలి. అటానమస్ కాలేజీ అయితే ఆ కాలేజీ కంట్రోలర్‌కే రాయాలి. ఇది తెలియక గడువు పోగొట్టుకున్నవాళ్లున్నారు.

"బాగా రాశాను, మార్కులు తగ్గాయి" అంటే అది కారణం కాదు. ముందు జవాబు పత్రం నకలు తీసుకోండి. దిద్దిన తన పేపరు చూసుకునే హక్కు విద్యార్థికి ఉందని సుప్రీంకోర్టు 2011లోనే తీర్పు చెప్పింది. కూడికలో తప్పుంటే రీటోటలింగ్ చాలు. జవాబు దిద్దడంలోనే లోపముంటే ఆ చోటు చూపాలి. ఇంగ్లీషులోనో తమిళంలోనో రాసే అర్జీ సారాంశం ఇలా ఉండాలి:

"అయ్యా, 14వ ప్రశ్నకు జవాబు 9, 10 పేజీల్లో రాశాను. 10వ పేజీలో దిద్దిన గుర్తే లేదు. ఆ జవాబును తిరిగి దిద్దించ ప్రార్థన. నకలు, ఫీజు రసీదు జతపరిచాను."

రసీదు మీది రిజిస్టరు నంబరు, సబ్జెక్టు కోడు అర్జీతో సరిపోవాలి. మన వాళ్లమ్మాయి ఒకరి అర్జీ కోడులో ఒక్క అంకె తేడాతో వెనక్కి వచ్చింది. ఆన్‌లైన్‌లో డబ్బు పోయి రసీదు రాకపోతే బ్యాంకు వివరంతో అదే రోజు కాలేజీ ఆఫీసుకు వెళ్లండి. అర్జీ ఇచ్చాక మీ ప్రతిమీద తేదీతో సీలు వేయించుకోండి.