చదివితే ఊపు వస్తుంది, పని మాత్రం మొదలవదు: వర్క్‌బుక్ వెనక ఉన్న కథ

మీలో చాలామంది ఏదో ఒక సెల్ఫ్ హెల్ప్ కోర్సు తీసుకునే ఉంటారు. దాంతోపాటు ఒక వర్క్‌బుక్ పీడీఎఫ్ వస్తుంది. మొదటి పేజీలో "మీ కల ఏంటి?" అని ఉంటుంది. మనం రాస్తాం, భలే ఊపు వస్తుంది. రెండు వారాల తర్వాత చూస్తే ఆ ఫైల్ డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో పడి ఉంటుంది, పని మాత్రం ఒక్కటీ అయ్యుండదు. తప్పు మన బద్ధకానిదేనా, లేక ఆ పేజీ రాసిన తీరుదా? దీనికి చరిత్రలో మంచి సమాధానమే ఉంది.

ముందు 1859కి వెళ్దాం. శామ్యూల్ స్మైల్స్ అనే ఆయన బ్రిటన్‌లో "సెల్ఫ్ హెల్ప్" అనే పుస్తకం వేశారు. లీడ్స్ నగరంలో పని ముగించుకుని సాయంత్రాలు కలిసి చదువుకునే కుర్రాళ్లకు ఆయన ఇచ్చిన ఉపన్యాసాల్లోంచి పుట్టిందది. మొదటి ఏడాదే 20,000 కాపీలు అమ్ముడుపోయాయి. అందులో ఎక్కువగా ఉండేది కష్టపడి పైకొచ్చినవాళ్ల జీవిత కథలు. చదివితే "నేనూ చేయగలను" అనిపిస్తుంది. కానీ పాఠకుడు పెన్ను పట్టుకుని నింపాల్సిన ఖాళీ అందులో లేదు.

ఆ ఖాళీని అంతకు నూరేళ్ల ముందే ఒకాయన గీసుకున్నారు, బెంజమిన్ ఫ్రాంక్లిన్. అప్పటికి ఆయన ఫిలడెల్ఫియాలో ప్రింటింగ్ ప్రెస్ నడుపుతున్నారు. ఒక చిన్న పుస్తకం తీసుకుని, తాను అలవాటు చేసుకోవాలనుకున్న 13 గుణాలకు 13 పేజీలు కేటాయించారు. ప్రతి పేజీలో ఎర్ర సిరాతో గళ్లు గీశారు. నిలువుగా వారంలోని ఏడు రోజులు, అడ్డంగా 13 గుణాలు. రాత్రి కూర్చుని ఆ రోజు ఎక్కడ తప్పారో అక్కడ నల్ల చుక్క పెట్టడం. వారానికి ఒక్క గుణం మీదే గట్టి దృష్టి. 13 వారాలకు ఒక రౌండ్, ఏడాదికి నాలుగు రౌండ్లు. పాత చుక్కలు గీకి గీకి కాగితం చిల్లులు పడితే, తడి స్పాంజితో తుడిచేయగలిగే దంతపు రేకుల మీదకు గళ్లు మార్చుకున్నారు. అంటే ఆ వర్క్‌బుక్ అలంకారానికి కాదు, నిజంగా అరిగిపోయేదాకా వాడారు.

కానీ ఒక గుణం మాత్రం ఆయనకు చివరిదాకా లొంగలేదు. అది "క్రమం", అంటే ప్రతి వస్తువుకూ ఒక చోటు, ప్రతి పనికీ ఒక వేళ. 24 గంటలకు టైమ్‌టేబుల్ కూడా వేసుకున్నారు. ఎందుకు కుదరలేదో ఆత్మకథలో ఆయనే చెప్పారు. ఒకరి దగ్గర పనిచేసే కుర్రాడికి అలాంటి టైమ్‌టేబుల్ నడుస్తుంది. ప్రెస్ యజమాని మాత్రం వచ్చేవాళ్ల వేళను బట్టి వాళ్లను కలవాలి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరం వస్తుంది.

ఫ్రాంక్లిన్ పేజీలో ఇంకో లోటు కూడా ఉంది. నల్ల చుక్క "నిన్న తప్పావు" అని చెబుతుంది. రేపు సరిగ్గా ఏ క్షణంలో, ఏ పని మొదలుపెట్టాలో ఆ చుక్క చెప్పదు.

దీన్ని కొలిచి చూపించింది 1965లో యేల్ యూనివర్సిటీలో జరిగిన ఒక ప్రయోగం. హోవార్డ్ లెవెంథాల్ బృందం విద్యార్థులకు ధనుర్వాతం గురించి చిన్న పుస్తకాలు ఇచ్చింది. కొన్ని గుండె జల్లుమనేలా ఉన్నాయి, కొన్ని మామూలుగా ఉన్నాయి. భయపెట్టిన పుస్తకం చదివినవాళ్లు "టీకా ముఖ్యం, వేయించుకుంటాం" అని ఎక్కువగా చెప్పారు. అయితే బృందం ఆ మాటలతో ఆగలేదు. హెల్త్ సెంటర్‌కు నిజంగా ఎవరెవరు వెళ్లారో లెక్క తీసింది. ఎక్కువ భయపడినవాళ్లు ఎక్కువగా వెళ్లలేదు. తేడా తెచ్చింది ఇంకోటి. కొందరికి పుస్తకంతోపాటు హెల్త్ సెంటర్ చుట్టూ గుండ్రంగా గీసిన క్యాంపస్ మ్యాప్, టీకా వేసే వేళలు ఇచ్చారు. "మీ వారం షెడ్యూల్ చూసి, ఎప్పుడు వెళ్లగలరో చూసుకోండి" అన్నారు. వీళ్లలో దాదాపు 28 శాతం మంది టీకా వేయించుకున్నారు. మ్యాప్ లేనివాళ్లలో 3 శాతమే. సీనియర్ విద్యార్థులకు ఆ సెంటర్ ఎక్కడుందో ముందే తెలిసి ఉంటుంది కదా! అంటే మ్యాప్ పనిచేసింది కొత్త సమాచారంగా కాదు, నిర్ణయాన్ని ఒక చోటికీ ఒక వేళకీ కట్టేసినందుకు.

ఇంకో మాట. భయం గురించి ఏమీ చెప్పకుండా ప్లాన్ మాత్రమే ఇచ్చిన గుంపు కూడా ఒకటుంది. అందులో ఒక్కరూ వెళ్లలేదు. కాబట్టి ఇన్‌స్పిరేషన్ దండగ అనుకోవద్దు. అసలు కోరికే లేనివాడిని ఏ ప్లానూ కదిలించలేదు. అలాగే ఇవి చిన్న గుంపులు, ఒక్కో వైపు దాదాపు ముప్పై మందే. శాతాలను పట్టుకుని వేలాడొద్దు, తేడా ఏ వైపు ఉందో చూడండి.

తర్వాత జర్మనీలో పీటర్ గాల్విట్జర్ దీన్ని ఇంకొంచెం ముందుకు తీసుకెళ్లారు. 1997లో అచ్చైన ప్రయోగంలో, క్రిస్మస్ ముందు రోజు ఎలా గడిచిందో 48 గంటల్లోపు రాసి పంపమని విద్యార్థులను అడిగారు. ఎప్పుడు, ఎక్కడ కూర్చుని రాస్తారో ముందే రాసిచ్చినవాళ్లలో నలుగురికి దాదాపు ముగ్గురు పంపారు. రాసివ్వనివాళ్లలో మూడోవంతే. దీనికే ఆయన "ఫలానాది జరిగితే, ఫలానాది చేస్తాను" అనే రూపం ఇచ్చారు. ఇక్కడ గడియారమే ఉండక్కర్లేదు, ఒక సంఘటన చాలు. ఫ్రాంక్లిన్‌కు ఎదురైన చిక్కు ఇక్కడ విడిపోతుంది.

ఇప్పుడు ఒక పేజీని తిరగరాద్దాం. చూసేది ఫుడ్ డెలివరీ చేస్తూ గ్రూప్-2కి ప్రిపేర్ అవుతున్న ఒక కుర్రాడు అనుకోండి. షిఫ్ట్ ఎప్పుడు ముగుస్తుందో తనకే తెలియదు. పాత పేజీ ఇలా ఉంటుంది: "ఈ వారం చదువు పట్ల మీ కమిట్‌మెంట్ రాయండి." అతను అర పేజీ రాస్తాడు, అక్కడితో సరి. కొత్త పేజీలో ఖాళీలు ఇవి: "రాత్రి ___ అవగానే, నేను ___ దగ్గర కూర్చుని, మొదట ___ చేస్తాను." అతను ఇలా నింపుతాడు: "రాత్రి తిన్న ప్లేట్ కడిగి పెట్టగానే, నేను కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, మొదట పాలిటీ పాత పేపర్‌లో అయిదు ప్రశ్నలు చేస్తాను." రెండో లైన్ అడ్డంకికి: "ఒకవేళ ఇంటికొచ్చేసరికి పదకొండు దాటితే, రెండు ప్రశ్నలు చేసి పడుకుంటాను." కింద ఏడు గళ్లు. అందులో పెట్టేది టిక్కు కాదు, ఆ రోజు చేసిన ప్రశ్నల సంఖ్య. లెవెంథాల్ ఫీలింగ్స్ కాక టీకాలు లెక్కపెట్టినట్టే.

పేజీ దారి తప్పిందని ఎలా తెలుస్తుంది? జవాబులోని క్రియ చూడండి. "తెలుసుకుంటాను, ప్రయత్నిస్తాను, ఫోకస్ పెడతాను" అని వస్తే ప్రశ్న సరిగ్గా అడగలేదన్నమాట. పక్కనున్న ఫ్రెండ్ చూసి "అవును, చేశాడు" అని చెప్పగలిగే క్రియ రావాలి. నేను కోడ్ రాసే రోజుల్లో "పర్ఫార్మెన్స్ ఇంప్రూవ్ చేయాలి" అనే టికెట్‌ను ఎవరూ ముట్టుకునేవాళ్లు కాదు. "ఈ పేజీ రెండు సెకన్లలో తెరుచుకోవాలి" అని ఉంటే అదే రోజు ఎవరో ఒకరు తీసుకునేవాళ్లు.

ఇంకొక్క జాగ్రత్త. ఇది పనిచేస్తుంది కదా అని ఒకే వారంలో ఆరు లక్ష్యాలకు ఆరు ప్లాన్లు రాయించకండి. ప్లాన్లు ఎక్కువైతే ఒకదానికొకటి అడ్డుపడి, ఇంత పని ఎలా అవుతుందన్న బెంగే మిగులుతుంది. ఫ్రాంక్లిన్ వారానికి ఒక్క గుణమే పట్టుకున్నారు. ఆ లెక్క ఇప్పటికీ పనికొస్తుంది.

మీ దగ్గరున్న వర్క్‌బుక్‌లో ఒక్క పేజీ తీసి, దాని కింద ఆ మూడు ఖాళీలు గీసి నింపండి. ఏం రాశారో కామెంట్లలో పెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, బై.