పప్పు తింటే పసిబిడ్డకి గ్యాస్ వస్తుందా? ఒక నమ్మకం చరిత్ర

మన ఇళ్లల్లో బాలింత పథ్యం మీకు తెలిసిందే. వెల్లుల్లి కారం, కరివేపాకు పొడి, వేడి అన్నం, నెయ్యి. చాలా ఇళ్లల్లో పప్పు, బంగాళదుంప మాత్రం దగ్గరికి రానివ్వరు. "వాతం చేస్తుందమ్మా, బిడ్డకి గ్యాస్ పడుతుంది" అంటారు. ఈ మాటలో నిజమెంతో ఈ ఎపిసోడ్‌లో చూద్దాం.

ఈ నమ్మకం మన ఒక్కళ్లదే కాదు. దాదాపు 1,900 ఏళ్ల కిందట రోమ్‌లో సొరానస్ అనే గ్రీకు వైద్యుడు, పాలిచ్చే దాది ఏం తినకూడదో రాసిపెట్టాడు. అందులో పప్పుధాన్యాలున్నాయి, ఉల్లి, వెల్లుల్లి కూడా ఉన్నాయి. తమాషా ఏంటంటే, పాలు పడాలని మనం పెట్టే వెల్లుల్లినే ఆయన వద్దన్నాడు! అయితే రెండు చోట్లా ఆలోచన ఒకటే. తల్లి తిన్నదే ఒంట్లో రసంగా, రక్తంగా మారి పాలవుతుంది, కాబట్టి తల్లికి అరగనిది బిడ్డకీ అరగదు అని.

అసలు జరిగేది వేరు. పప్పులో అరగని పిండిపదార్థాలు తల్లి పెద్దపేగులో పులిసి గ్యాస్ అవుతాయి. ఆ గ్యాస్ పాలలోకి రాదు. రుచి, వాసన మాత్రం వస్తాయి. 1991లో అమెరికాలో మెనెల్లా, బోషాంప్ తల్లులకి వెల్లుల్లి మాత్రలిచ్చి చూశారు. రెండు గంటలకి పాలలో ఆ వాసన బాగా తెలిసింది. పిల్లలు పాలు మానలేదు సరికదా, ఇంకాసేపు ఎక్కువ తాగారు.

మరి పప్పు మానేస్తే ఏడుపు తగ్గింది అంటారే? 1962లో బ్రేజల్టన్ అనే పిల్లల డాక్టర్ 80 మంది పసివాళ్ల ఏడుపు లెక్కగట్టారు. రెండో వారంలో రోజుకి సుమారు గంటా ముప్పావు. ఆరో వారంలో రెండుముప్పావు గంటలు. 12వ వారానికల్లా గంటలోపే. ఇప్పుడు ఆరో వారంలో బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోందని పప్పు మాన్పించారనుకోండి. ఏడో వారం నుంచి ఏడుపు తనంతట తనే తగ్గుతుంది. పేరు మాత్రం పథ్యానికొస్తుంది.

ఒక మినహాయింపు ఉంది. కొద్దిమంది పిల్లలకి తల్లి తాగే ఆవు, గేదె పాలలోని ప్రోటీన్ పడదు. విరేచనంలో రక్తం, జిగట, ఒంటి మీద దద్దుర్లు, బరువు పెరగకపోవడం దీని గుర్తులు. అప్పుడు డాక్టర్ సలహాతో తల్లి రెండు నుంచి నాలుగు వారాలు పాలు, పెరుగు, నెయ్యి మానాలి. తగ్గితే మళ్లీ మొదలుపెట్టి చూడాలి. లక్షణాలు తిరిగొస్తేనే కారణం అదే అని తేలినట్టు.

పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకి దాదాపు 600 కేలరీలు అదనంగా కావాలని మన ఐసీఎంఆర్ లెక్క. మాంసం తినని ఇంట్లో పప్పు కూడా తీసేస్తే ఆవిడకి ప్రోటీన్ ఎక్కడిది? వెల్లుల్లి కారం ఇష్టమైతే తిననివ్వండి. పక్కన ఓ గిన్నెడు పప్పు కూడా పెట్టండి.