తలనొప్పికి బీపీ బిళ్ల ఎందుకిచ్చారు?

మందుల షాపు కుర్రాడు స్ట్రిప్పు కత్తిరించి కవర్లో వేస్తూ "ఇది బీపీ బిళ్ల మేడమ్, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి" అన్నాడట. మా వదిన ఇంటికొచ్చి ఆ కవరు ఫ్రిజ్ మీద పడేసి నాకు ఫోన్ చేసింది. "నాకు బీపీ లేదు కదా! ఎవరి చీటీయో నా చేతిలో పెట్టినట్టున్నారు." పార్శ్వపు నొప్పితో నెలకు పది పదకొండు రోజులు కర్టెన్లు లాగేసుకుని చీకట్లో పడుకునే మనిషి ఆమె. చీటీలో పేరు చదవమన్నాను. ప్రొప్రనలాల్, 40 మిల్లీగ్రాములు. చీటీ ఆమెదే, మందూ సరైనదే. అది తలనొప్పి మందు ఎలా అయిందో ఆమెకు ఎవరూ చెప్పలేదు, అంతే.

ప్రొప్రనలాల్‌ను 1960లలో బ్రిటన్ శాస్త్రవేత్త జేమ్స్ బ్లాక్ గుండె కోసం తయారుచేశాడు. గుండె వేగాన్ని తగ్గించి, ఛాతీనొప్పి రాకుండా చూడటం దాని పని. 1966లో దక్షిణాఫ్రికాలో కొందరు డాక్టర్లు ఛాతీనొప్పి రోగుల మీద దీన్ని పరీక్షిస్తూ, కొన్నాళ్లు అసలు మందు, కొన్నాళ్లు ఉత్తుత్తి బిళ్ల ఇచ్చారు. ఆ రోగుల్లో ఒకరికి ఏళ్ల తరబడి మైగ్రేన్ ఉంది. అసలు మందు వాడినన్నాళ్లూ అది రాలేదు, ఉత్తుత్తి బిళ్లకు మారగానే తిరిగొచ్చింది. గుండె మీద రాసిన పత్రంలోనే డాక్టర్లు ఈ మాటా నమోదు చేశారు. తర్వాత మైగ్రేన్ ఉన్నవాళ్ల మీదే విడిగా పరీక్షలు జరిగి, మందు నిలబడింది.

తర్వాత వచ్చిన రోజువారీ బిళ్లలు చాలావరకు ఇలాంటి అరువు మందులే. అమిట్రిప్టిలిన్ మానసిక కుంగుబాటు కోసం వచ్చింది, టోపిరమేట్ మూర్ఛ కోసం. అందుకే చీటీలో ఫిట్స్ బిళ్ల కనబడితే కంగారు పడక్కర్లేదు. అయితే అరువు మందు తన పాత గుణాలనూ వెంట తెస్తుంది. ప్రొప్రనలాల్ ఉబ్బసం ఉన్నవాళ్లకు పనికిరాదు, శ్వాసనాళాలు బిగుసుకుంటాయి. టోపిరమేట్‌తో వేళ్లు తిమ్మిరెక్కుతాయి, మాట్లాడుతుంటే తెలిసిన పదమే నోటికి రాదు. గర్భం దాల్చే ఆలోచన ఉంటే అది ముందే డాక్టరుకు చెప్పాలి, బిడ్డకు హాని చేసే మందది. మన దగ్గర బాగా వాడే ఫ్లునారిజిన్ రాత్రిపూట వేసుకునేది. నిద్రమత్తు, బరువు పెరగడం దానితో మామూలు. మనసు దిగాలుగా ఉంటే, చేతులు వణికితే మాత్రం వెంటనే చెప్పాలి.

బొటాక్స్ కూడా అనుకోకుండా దొరికిందే. 1992 ప్రాంతంలో లాస్ ఏంజెలెస్ దగ్గర విలియం బైండర్ అనే సర్జన్ నుదుటి ముడతలకు దాన్ని ఎక్కిస్తుంటే, తలనొప్పులు కూడా తగ్గాయని కొందరు చెప్పారు. అమెరికా దీన్ని మైగ్రేన్‌కు ఒప్పుకున్నది 2010లో. నుదురు, కణతలు, తల వెనక, మెడ, భుజాలలో 31 చోట్ల సన్నటి సూదితో పొడుస్తారు, పన్నెండు వారాలకోసారి. ఇది నెలలో పదిహేను రోజులు, అంతకు మించి తలనొప్పి ఉండేవాళ్లకే. మా వదినలాంటి వాళ్లకు దీనివల్ల లాభం రుజువు కాలేదు.

ఎవరికో వచ్చిన ఉపశమనం వెనక నడవడం మాని, మైగ్రేన్‌నే వెంబడించిన కథ మరొకటుంది. 1982లో అమెరికా శాస్త్రవేత్తలు ఎలుకల జన్యువుల్లో వెతుకుతుంటే సీజీఆర్‌పీ అనే చిన్న ప్రొటీన్ బయటపడింది. స్వీడన్‌లో లార్స్ ఎడ్విన్సన్, ముఖానికీ తలకూ స్పర్శనిచ్చే నరం పోగుల్లో అది దండిగా ఉందనీ, రక్తనాళాలను బాగా వెడల్పు చేస్తుందనీ గమనించాడు. మరి నొప్పి వచ్చినప్పుడు అది నిజంగా బయటికొస్తోందా?

ఆ సంగతి తేల్చడానికి ఆయనా, ఆస్ట్రేలియా డాక్టర్ పీటర్ గోడ్స్‌బీ చేసిన పని నాకు ఈ కథలో అన్నిటికంటే ఇష్టం. నొప్పి మంచి ఊపులో ఉండగానే రోగి మెడ పక్క సిర నుంచి, చేతి సిర నుంచి రక్తం తీశారు. వెలుతురు చూడలేక, వాంతి ఆపుకుంటూ ఉన్న మనిషి మెడకు సూది గుచ్చనివ్వడం ఎంత ఓర్పో మైగ్రేన్ ఉన్నవాళ్లకే తెలుసు. 1990లో ఫలితం వచ్చింది. తల నుంచి దిగే మెడ రక్తంలో సీజీఆర్‌పీ పెరిగింది, చేతి రక్తంలో పెరగలేదు. వెతికిన మిగతా రసాయనాలు మారలేదు. తర్వాత డెన్మార్క్‌లో యెస్ ఓలెసన్ బృందం తిరగేసి చూసింది. మైగ్రేన్ ఉన్నవాళ్లకు సీజీఆర్‌పీ ఎక్కిస్తే తలనొప్పి వచ్చింది, కొందరికి కొన్ని గంటల తర్వాత అచ్చం తమ పాత మైగ్రేన్‌లాంటిదే.

ఇక దాన్ని అడ్డుకోవాలి. మొదట వచ్చిన బిళ్లల్లో టెల్కాజెపాంట్ బాగానే పనిచేసింది. కానీ రోజూ వేసుకున్న కొందరికి లివర్ ఎంజైములు పెరగడంతో 2011లో దాన్ని వదిలేశారు. మరో దారి యాంటీబాడీలు. వీటిని లివర్ అరగదీయాల్సిన పనిలేదు, ఒంట్లో వారాల తరబడి నిలుస్తాయి. అందుకే నెలకో సూది చాలు. 2018లో మొదటిది, ఎరెనుమాబ్, అమెరికాలో అనుమతి పొందింది. లివర్ చిక్కు లేని కొత్త బిళ్లలు రిమెజెపాంట్, అటోజెపాంట్ 2021లో నివారణ కోసం అక్కడ అనుమతి తెచ్చుకున్నాయి. మొదటిది రోజు విడిచి రోజు, రెండోది రోజూ.

అయితే ఇది మంత్రం కాదు. ఎరెనుమాబ్ పెద్ద పరీక్షలో నెలకు సగటున ఎనిమిది మైగ్రేన్ రోజులున్నవాళ్లను తీసుకున్నారు. పెద్ద మోతాదు పొందినవాళ్లలో సగం మందికి ఆ రోజులు సగానికో అంతకన్నా తక్కువకో దిగాయి. ఉత్తుత్తి సూది పొందినవాళ్లలోనూ నలుగురిలో ఒకరికి పైగా అంతే తగ్గాయి. మలబద్ధకం, కొందరికి బీపీ పెరగడం దీని ఇబ్బందులు. ఖరీదు సరేసరి. అందుకే మన డాక్టర్లు ఇప్పటికీ చవకైన పాత బిళ్లతోనే మొదలుపెడతారు.

ఇదంతా విన్నాక వదిన కవరు విప్పింది. ఉబ్బసం లేదని డాక్టరు ముందే అడిగి తెలుసుకున్నారు. గోడ క్యాలెండర్‌లో నొప్పి వచ్చిన రోజుకు ఎర్ర చుక్క, నొప్పి బిళ్ల వేసుకున్న రోజుకు నీలం చుక్క పెట్టమన్నాను. మొదటి నెల పది ఎర్రవి, పదహారు నీలివి. నొప్పి లేని రోజుల్లో కూడా భయంతో ముందే మింగుతోందన్నమాట. ఆ నీలి చుక్కలు చూపించగానే డాక్టరు ఆగిపోయారు. మామూలు నొప్పి బిళ్లలు నెలకు పదిహేను రోజులు, ట్రిప్టాన్ రకమైతే పది రోజులు దాటితే, ఆ బిళ్లలే కొత్త తలనొప్పిని పుట్టించవచ్చు. వారానికి రెండు రోజులకు మించొద్దన్నారు.

మూడో వారంలో "ఏమీ తేడా లేదు, మానేస్తా" అంది. నివారణ మందును సరైన మోతాదులో ఎనిమిది వారాలైనా చూడకుండా పని చేయలేదనకూడదని గుర్తుచేశాను. రెండో నెల ఏడు ఎర్ర చుక్కలు. మూడో నెల నాలుగు, నీలివి ఐదు. చేతులు చల్లబడుతున్నాయనీ, మెట్లెక్కితే అలుపొస్తోందనీ చెబితే డాక్టరు నాడి చూసి మోతాదు అలాగే ఉంచారు. ఆరు నెలల నుంచి ఏడాది దాకా ఇలాగే నడిస్తే మెల్లగా తగ్గించి చూద్దామన్నారు. ప్రొప్రనలాల్‌ను ఒక్కసారిగా ఆపితే గుండె దడ పుడుతుందనీ, ఊరెళ్లినా స్ట్రిప్పు మరచిపోవద్దనీ గట్టిగా చెప్పారు. ఇప్పుడా స్ట్రిప్పు ఫ్రిజ్ మీద కాదు, ఆమె హ్యాండ్‌బ్యాగులో ఉంటోంది.