రోజువారీ విలువ శాతం

అమెరికాలో ప్యాకెట్ ఆహారాల లేబుల్ మీద కుడివైపు '% Daily Value' కింద కనిపించే అంకె. ఒక్క సర్వింగ్ తింటే ఒక్కో పోషకం రోజు మొత్తానికి నిర్ణయించిన పరిమాణంలో ఎంత శాతం అందుతుందో చెబుతుంది. ప్రతి పోషకానికీ వంద శాతం వేరు కాబట్టి ఆ వరుసను పైనుంచి కిందికి కూడకూడదు. రోజంతా తిన్నవాటిలో ఒకే పోషకం శాతాలను కూడాలి.

సోడియంకు వంద శాతమంటే 2300 మిల్లీగ్రాములు. ఒక సూప్ డబ్బా మీద 690 మిల్లీగ్రాములు, 30 శాతం అని ఉందనుకుందాం. డబ్బాలో రెండు సర్వింగులుంటే, మొత్తం తాగినవారికి చేరేది 60 శాతం. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. అందుకే ముందు చూడవలసింది పైనున్న సర్వింగుల సంఖ్య. సూప్‌తో వచ్చిన 60కి బ్రెడ్డుతో 12, ఊరగాయతో 20 కలిస్తే 92 అవుతుంది. ఇంటి కూరలో పడిన ఉప్పుకు లేబుల్ ఉండదు. పావు టీస్పూను ఉప్పు వంతుకు వచ్చినా మరో 25 శాతం. లెక్క 117కు చేరి హద్దు దాటుతుంది.

సోడియంకు వంద దాటకూడని గీత, పీచుకు మాత్రం అందుకోవలసిన గురి. ఏ పోషకమైనా సర్వింగుకు 5 శాతం లేదా అంతకన్నా తక్కువైతే తక్కువగా, 20 లేదా ఆపైనైతే ఎక్కువగా పరిగణిస్తారు. భారతీయ ప్యాకెట్ల మీది శాతానికి సోడియం ప్రమాణం 2000 మిల్లీగ్రాములు. అందువల్ల రెండు దేశాల ప్యాకెట్లూ వాడే ఇళ్లలో శాతాలను కాక మిల్లీగ్రాములనే కూడాలి.