టెస్టోస్టెరాన్ బూస్టర్లు

పురుషుల్లో టెస్టోస్టెరాన్‌ను పెంచుతాయని చెప్పి అమ్మే మాత్రలు, పొడులు. వీటిలో తరచూ కనిపించేది పల్లేరు కాయల సారం. మగవారిపై జరిపిన పరీక్షల్లో అది ఈ హార్మోన్‌ను చెప్పుకోదగ్గంతగా పెంచలేదు. జింక్ మాత్ర లోపమున్నవారికే ఉపయోగం. సోయా తింటే మగతనం తగ్గుతుందన్నదీ మామూలు మోతాదుల్లో ఆధారం లేని భయమే.

నిద్ర సంగతి వేరు. ఈ హార్మోన్ నిద్రలో పెరిగి ఉదయానికి గరిష్ఠానికి చేరుతుంది. షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో ప్రచురించిన అధ్యయనంలో 10 మంది ఆరోగ్యవంతులైన యువకులు వారం పాటు రాత్రికి 5 గంటలే పడుకున్నారు. పగటి టెస్టోస్టెరాన్ 10–15 శాతం పడిపోయింది. అధ్యయనం చిన్నదే అయినా, ఏ డబ్బా మీదా ఇంత స్పష్టమైన కొలత ఉండదు.

పొట్ట పెరిగితే కొవ్వులోని అరోమటేస్ ఎంజైమ్ టెస్టోస్టెరాన్‌లో కొంత భాగాన్ని ఈస్ట్రోజెన్‌గా మారుస్తుంది. రక్తంలో ఈ హార్మోన్‌ను మోసే ప్రోటీన్ కూడా తగ్గడంతో, పరీక్షలో మొత్తం అంకె దిగుతుంది. స్థూలకాయులు బరువు తగ్గితే ఆ అంకె మళ్లీ పెరుగుతుంది. అయితే సన్నగా ఉన్నవారు కడుపు మాడ్చుకుంటే తగ్గుతుంది.

సాయంత్రం చేయించిన పరీక్షలో అంకె తక్కువ వచ్చిందని బూస్టర్ కొనేవారున్నారు. లోపాన్ని నిర్ధారించాలంటే ఉదయం పరగడుపున, రెండు వేర్వేరు రోజుల్లో పరీక్షించాలి.