సూక్ష్మదర్శినికి చిక్కని తేడా

ఆవు కడుపులోనూ గోబర్ గ్యాస్ తొట్టిలోనూ మీథేన్ వాయువును తయారుచేసే సూక్ష్మజీవులు ఉంటాయి. సూక్ష్మదర్శినిలో చూస్తే అవి అచ్చం బాక్టీరియాలాగే ఉంటాయి. చిన్న కణం, లోపల కేంద్రకం లేదు. అందుకే 1977 దాకా వాటిని బాక్టీరియా అనే అనుకున్నారు. అప్పటి లెక్కలో జీవులు రెండే రకాలు: కేంద్రకం ఉన్నవి, లేనివి. ఆ లెక్క ఎలా మారిందో నేను ఈ వ్యాసంలో చెబుతాను.

అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన కార్ల్ వోస్, జీవుల చుట్టరికాన్ని ఆకారంలో కాకుండా రైబోజోముల్లో వెతికాడు. ప్రోటీన్లను తయారుచేసే రైబోజోములు ప్రతి జీవిలోనూ ఉంటాయి. వాటిలోని ఆర్‌ఎన్‌ఏ పెద్దగా మారిపోతే కణం బతకదు. కాబట్టి అది చాలా నెమ్మదిగా మారుతుంది. ఎంత తేడా ఉంటే అంత పాత కాలంలో విడిపోయినట్టు అన్నమాట.

ఆయన ఎంచుకున్న ఆర్‌ఎన్‌ఏలో సుమారు 1500 అక్షరాలు ఉంటాయి. అప్పట్లో దాన్ని మొత్తంగా చదవడం చాలా కష్టం. అందుకని సూక్ష్మజీవులను రేడియోధార్మిక ఫాస్ఫరస్‌తో పెంచి, ఆర్‌ఎన్‌ఏను బయటికి తీసి, ‘జి’ అక్షరం వచ్చిన ప్రతిచోటా దాని తర్వాత కత్తిరించే ఎంజైమును కలిపేవారు. ‘ఏసియుజిసిసిఏజి’ అని ఉంటే ‘ఏసియుజి’, ‘సిసిఏజి’ అని రెండు ముక్కలవుతుంది. విద్యుత్తుతో ముక్కలను వేరుచేస్తే ఎక్స్‌రే ఫిల్ముపై నల్లని చుక్కలు పడేవి. మరీ చిన్న ముక్కలు ఎందులోనైనా దొరుకుతాయి కదా! అందుకే ఆరు అక్షరాలు, అంతకన్నా పొడవున్న వాటినే పోల్చారు.

1976లో సహోద్యోగి రాల్ఫ్ వోల్ఫ్ మీథేన్ జీవులను ఇచ్చాడు. బాక్టీరియా అన్నింటిలో కనిపించే కొన్ని ముక్కలు వీటి ఫిల్ములో లేనే లేవు! పూర్తి పోలికకు 1 అనుకుంటే, బాక్టీరియాతో వీటి పోలిక ఇంచుమించు 0.1 మాత్రమే. కేంద్రకం ఉన్న జీవులతోనూ దాదాపు అంతే. అంటే ఇవి రెండింటికీ చెందవు. 1977లో వోస్, జార్జ్ ఫాక్స్ ఈ సంగతి ప్రకటించారు.

ఒక్క అణువును నమ్మి మూడో వర్గమా అని చాలామంది ఒప్పుకోలేదు. కానీ వేరే సాక్ష్యాలూ దొరికాయి. బాక్టీరియా కణకవచంలో ఉండే పెప్టిడోగ్లైకాన్ వీటిలో లేదని జర్మనీలో ఒట్టో కాండ్లర్ చూపించాడు. వీటి కణత్వచంలోని కొవ్వుల్లో ఈథర్ బంధాలు ఉంటాయి. బాక్టీరియాలోనూ మనలోనూ సాధారణంగా ఉండేవి ఎస్టర్ బంధాలు. ఇంకో వింత ఏమిటంటే, డీఎన్‌ఏ నుంచి ఆర్‌ఎన్‌ఏను తయారుచేసే వీటి ఎంజైము బాక్టీరియా ఎంజైము కంటే మన ఎంజైముకే దగ్గరగా ఉంటుంది.

1990లో వోస్, కాండ్లర్, మార్క్ వీలిస్ కలిసి బాక్టీరియా, ఆర్కియా, యూకేరియా అని మూడు డొమైన్లను ప్రతిపాదించారు. కేంద్రకం లేదన్న ఒక్క కారణంతో రెండు జీవులను బంధువులు అనలేమని దీంతో తేలింది. ఇప్పుడు వాదన ఇంకో మలుపు తిరిగింది. యూకేరియా ఆర్కియా కొమ్మలోంచే పుట్టిందనీ, అసలు డొమైన్లు రెండేననీ చాలామంది శాస్త్రవేత్తలు అంటున్నారు. అదే నిజమైతే గోబర్ గ్యాస్ తొట్టిలోని ఆ జీవులు బాక్టీరియాకు కాదు, మనకే దగ్గరి చుట్టాలు.