శిశు పరిశ్రమ రక్షణ: తెలుగునాట చక్కెర

ఎవరికి ఏ వస్తువు తయారీ సాపేక్షంగా చౌకో, వారు దాన్నే చేసి మిగతావి కొనుక్కోవాలన్నది డేవిడ్ రికార్డో 1817లో చెప్పిన తులనాత్మక ప్రయోజన సూత్రం. 1930 నాటి ధరలు చూస్తే భారతదేశం జావా చక్కెర కొనుక్కోవడమే మేలు. అయినా 1932 చట్టం దిగుమతి సుంకంతో దేశీయ మిల్లులకు రక్షణ కల్పించింది. 1931-32లో 32గా ఉన్న మిల్లులు ఐదేళ్లలో నాలుగింతలు దాటాయి. యలమంచిలి సమీపంలోని ఏటికొప్పాకలో 1933లో రైతుల సహకార ఫ్యాక్టరీ వెలసింది.

జావా ఆధిక్యం నేల, వానల వరమనీ, సుంకం దాన్ని మార్చలేదనీ అభ్యంతరం ఉంది. కానీ జావా దిగుబడికి మూలం అక్కడి పరిశోధకులు సంకరం చేసిన పీఓజే 2878 చెరకు రకం. కోయంబత్తూరు చెరకు పరిశోధన కేంద్రం కూడా దక్షిణాదికి కో 419 రకాన్ని ఇచ్చింది. అంటే ఆ ఆధిక్యంలో చాలా భాగం నేర్చుకుని సంపాదించుకోగలిగినదే. పైగా నరికిన చెరకులో తీపి రోజురోజుకూ తగ్గుతుంది. కాబట్టి మిల్లు పొలానికి దగ్గరలోనే ఉండాలి, ఆ నేర్పు అక్కడే అబ్బాలి.

వినియోగదారు ఎక్కువ ధర చెల్లించాడన్న అభ్యంతరం మాత్రం బలమైనది. దానికి మిల్, బాస్టబుల్ పరీక్షలే గీటురాళ్లు: పరిశ్రమ ఒకనాటికి రక్షణ లేకుండా నిలవాలి, తర్వాతి లాభం ముందటి నష్టాన్ని పూడ్చాలి. 1946లో ముగియాల్సిన రక్షణను 1950 దాకా పొడిగించారు. గడువు ఒక్కటే చాలదని ఇది చూపుతుంది. ఆధిక్యం నేర్చుకోగలిగినది కనుక రక్షణ సమర్థనీయమే. అయితే గడువుతో పాటు దిగుబడి, ఖర్చుల లక్ష్యాలనూ ముందే విధించాలి.